సున్నుండల ఆర్డరు: రూపాయలు కుదిరాయి, కిలోలు కుదరలేదు

బెంగళూరులో మారతహళ్లి వైపు అద్దె ఇంటి కింది అంతస్తులో వంటగది పెట్టుకుని పొడులు, పచ్చళ్లు, సున్నుండలు చేసి అమ్మే గోదావరి జిల్లా దంపతులకు నేను కొంతకాలంగా లెక్కలు చూస్తున్నాను. 2026 ఉగాదికి ఒక కార్యాలయం నుంచి వాళ్లకు 240 పెట్టెల సున్నుండల ఆర్డరు వచ్చింది. ఒక్కో పెట్టెలో 12 ఉండలు ఉండాలి, పెట్టె మీద నికర బరువు 500 గ్రాములని అచ్చు వేయాలి. ఉండ 42 గ్రాములు ఉంటే పెట్టెకు 504 గ్రాములు వస్తాయి కనుక ఆ బరువు ఖాయం చేసుకున్నారు. ధర చెప్పే ముందు ఒకసారి షీటు చూడమని ఆవిడ నాకు పంపారు. "మొత్తం సరిగ్గానే ఉన్నట్టుంది అన్నయ్యా, మీరోసారి చూస్తే ధైర్యం" అన్నారు. మొత్తం నిజంగానే సరైనదానికి చాలా దగ్గరలో ఉంది. అయితే ఆ షీటును నమ్మి సరుకు తెచ్చుకుంటే పండగ ముందు రోజు 19 పెట్టెలు ఖాళీగా మిగిలేవి.

ఆ షీటు వాళ్ల ఇంటి కొలత మీద కట్టినది. ఒక విడతకు మినపగుండ్లు 2 కిలోలు, బెల్లం 1.6 కిలోలు, నెయ్యి 1 లీటరు, యాలకులు 20 గ్రాములు. C5 నుంచి C8 దాకా ఈ నాలుగు పరిమాణాలు, E నిలువు వరుసలో ధరలు. పైన B1లో ఆర్డరుకు కావలసిన బరువు, అంటే 2,880 ఉండలను 42 గ్రాములతో గుణిస్తే వచ్చే 120.96 కిలోలు. B2లో ఎన్ని రెట్లు పెంచాలన్న లెక్క. దాని కిందున్న ప్రతి వరుసా, సరుకైనా కూలైనా పెట్టెలైనా, ఆ B2తోనే గుణింపబడుతుంది.

```
B2:  =B1/SUM(C5:C8)
D5:  =C5*$B$2
```

చూడటానికి ఇందులో తప్పేమీ కనిపించదు. డాలరు గుర్తులు సరిగ్గా పెట్టారు, సూత్రాన్ని కిందికి లాగినప్పుడు గడి జరిగిపోలేదు. షీట్లు తనిఖీ చేసేవాళ్లలో చాలామంది ఇక్కడ తృప్తిపడి ధరల మీదికి వెళ్తారు. నేను మాత్రం పెద్ద ఆర్డరు షీటు ఏది వచ్చినా మొదట రూపాయల వరుసలను దాచేసి, మిగిలిన కిలోలు మాత్రమే చదువుతాను. లోపలికి ఎంత బరువు వెళ్లింది, బయటికి ఎంత బరువు వచ్చింది, మధ్యలో తరుగు ఎక్కడ రాశారు అని చూస్తాను. ఈ షీటులో తరుగు అన్న మాటే లేదు. SUM(C5:C8) విలువ 4.62. అంటే గిన్నెలో వేసిందంతా ఉండలుగా బయటికి వస్తుందని షీటు అనుకుంటోంది. పైగా అది రెండు కిలోలకు ఒక లీటరును కలిపి, వచ్చినదాన్ని కిలోలు అంటోంది.

ఇన్నాళ్లూ ఇది ఎందుకు బయటపడలేదో ఆలోచించాల్సిన విషయమే. ఇంటి నుంచి అమ్మేటప్పుడు ఎన్ని ఉండలు వస్తే అన్నీ సీసాల్లో తూచి అమ్మేవారు. 110 రావాల్సిన చోట 101 వచ్చినా ఎవరూ లెక్కపెట్టలేదు, ఎందుకంటే 110 రావాలని ఎవరూ ఎదురుచూడలేదు. ఆర్డరు వచ్చాక లెక్క తిరగబడింది. బయటికి రావలసిన బరువు ముందే ఖాయమైపోయింది, దాని నుంచి వెనక్కి సరుకు లెక్క కట్టాలి. అలా వెనక్కి కట్టేటప్పుడు తరుగు లేని షీటు తక్కువ సరుకే తెమ్మంటుంది.

అందుకని ఒక విడత చేసేటప్పుడు నేను వెళ్లి కూర్చున్నాను. ఆవిడ అత్తగారు సన్న సెగ మీద గుండ్లు వేయిస్తుంటే, ప్రతి దశ తర్వాత గిన్నె బరువు తీసేసి తూచాము. 2 కిలోల గుండ్లు కమ్మటి వాసన వచ్చి ఎర్రబడేసరికి 1.870 కిలోలు అయ్యాయి, పోయినదంతా తేమే. మిక్సీ పట్టి జల్లించాక 1.820 మిగిలింది. బెల్లం తురిమి, మట్టి ఉన్న అడుగు ముక్కలు తీసేస్తే 1.6 కాస్తా 1.560 అయింది. యాలకుల తొక్కలు పోగా 15 గ్రాముల పొడి వచ్చింది. కరిగిన నెయ్యి లీటరు కొలతతో పోసి తూస్తే 910 గ్రాములు. అన్నీ కలిపితే 4.305 కిలోలు, పళ్లేనికీ చేతులకూ అంటుకున్నది పోతే 4.26. పెద్దావిడకు ఈ తూకాలు మొదట చికాకు కలిగించాయి. "వేపుడు వాసన చూసి దింపాలి గానీ కాటా చూసి దింపుతారా నాయనా" అన్నారు. ఆమె మాట నిజమే, దింపవలసింది వాసన చూసే, కాటా కేవలం దింపాక రాసుకోవడానికి.

4.62కు బదులు 4.26 అంటే దాదాపు 8 శాతం తేడా. షీటు ప్రకారం 120.96 కిలోలకు 26.18 రెట్లు సరుకు చాలు. ఆ సరుకుతో నిజానికి వచ్చేది 26.18ని 4.26తో గుణిస్తే 111.5 కిలోలు. 9.4 కిలోలు తక్కువ. అది 225 ఉండలు, 19 పెట్టెలు.

ఇక నెయ్యి సంగతి. ఈ షీటులో డబ్బంతా నెయ్యిలోనే ఉంది. వంటకంలో నెయ్యి లీటరుగా రాసి ఉంది, కొనుగోలు ధర కిలోకు ₹640గా ఉంది, షీటు ఆ రెంటినీ నేరుగా గుణించేసింది. నెయ్యి లీటరు 910 గ్రాములే కనుక విడతకు 90 గ్రాముల నెయ్యి ఖరీదు, అంటే ₹58 దాకా, లేని నెయ్యికి లెక్కకట్టినట్టు. నెయ్యి కొనేచోటా ఇదే చిక్కు ఉంటుంది. బజారులో 15 కిలోల డబ్బా ఉంటుంది, 15 లీటర్ల డబ్బా కూడా ఉంటుంది. రెండూ పక్కపక్కన పెడితే అంతగా తేడా తెలియదు, లోపల నెయ్యిలో మాత్రం కిలోకు పైగా తేడా ఉంటుంది. నెయ్యి వరుసలో ఇంకో సంగతి కూడా కనిపించింది:

```
=D7*E7*1.12
```

ఇది నెయ్యి మీద జీఎస్టీ 12 శాతం ఉన్నప్పుడు పెట్టిన గుణకం. 2025 సెప్టెంబరు 22 నుంచి నెయ్యి 5 శాతానికి వచ్చింది. అసలు ఈ ₹640 బిల్లులో పన్నుతో కలిపి ఉన్న ధర, దాని మీద మళ్లీ పన్ను వేయడానికే వీల్లేదు. వీళ్లకు జీఎస్టీ నమోదు లేదు కాబట్టి కట్టిన పన్ను తిరిగి రాదు, అది ఖర్చులోకే వెళ్తుంది. అయినా ఒక్కసారే వెళ్లాలి.

ఇప్పుడు ఒక విచిత్రం చూడండి. సరుకు తరుగును వదిలేసిన తప్పు ఖర్చును తగ్గించి చూపిస్తోంది. నెయ్యిని కిలోగా లెక్కపెట్టిన తప్పూ, రెండోసారి పన్ను వేసిన తప్పూ ఖర్చును పెంచి చూపిస్తున్నాయి. ఈ మూడూ కలిసి సరుకు ఖర్చును ₹30,076 దగ్గర నిలబెట్టాయి. సరిగ్గా కట్టిన లెక్క, కింద చెప్పబోయే పరీక్ష విడత తర్వాత, ₹29,220 వచ్చింది. అంటే షీటు ఎక్కువ డబ్బు చూపిస్తూనే తక్కువ ఉండలు ఇచ్చే షీటు. కొనుగోలు జాబితాలో నెయ్యి 26.2 కిలోలని ఉంది, నిజానికి కావలసింది 26.3. రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టుకుని నెయ్యి పరిమాణం ఒప్పయిపోయింది. గుండ్లు మాత్రం 52.4 అని ఉంది, కావలసింది 57 పైనే. మొత్తం ఒక్కటే చూసి షీటును ఒప్పుకుంటే ఏమవుతుందో ఇంతకంటే బాగా చూపే ఉదాహరణ నాకు ఇంతవరకు దొరకలేదు.

ఇంటి విడత తరుగునే 28 రెట్లు చేసి ఊరుకోవచ్చా అంటే, కూడదు. 57 కిలోలు మిక్సీలో పట్టరు, పిండిమరకు, అంటే ఇక్కడివాళ్లు గిరణి అనే చోటికి, పంపుతారు. కడాయి మారుతుంది, సెగ మారుతుంది, పిండి తీరు మారుతుంది. అందుకని 10 కిలోల గుండ్లతో పరీక్ష విడత పెట్టమన్నాను. చేసినవన్నీ మామూలు అమ్మకంలోకే వెళ్లాయి కనుక నష్టం లేదు. పెద్ద కడాయిలో 5 కిలోల చొప్పున వేయిస్తే 10 కిలోలు 9.30 అయ్యాయి, తరుగు 7 శాతం. గిరణి నుంచి 9.10 తిరిగి వచ్చింది, 200 గ్రాములు రాళ్ల మధ్యా తొట్టిలోనూ ఉండిపోయింది. ఈ 200 గ్రాములు శాతం కాదు. 10 కిలోలు పట్టించినా 30 కిలోలు పట్టించినా మరలో మిగిలేది దాదాపు అంతే. అందువల్ల దీన్ని ఆర్డరు పరిమాణానికి 2 శాతంగా లాగితే తరుగు కాస్త ఎక్కువ చూపుతుంది. నేను తెలిసే దాన్ని అలాగే వదిలేశాను, కొంచెం వెసులుబాటు ఉండనీ అని.

అసలు తేడా ఉండ కట్టేటప్పుడు తెలిసింది. గిరణి పిండి మైదాలా మెత్తగా వచ్చింది. అదే కొలతలో నెయ్యి పోస్తే ఉండ కట్టగానే పగిలిపోతోంది. పిండి ఎంత సన్నగా ఉంటే దాని రేణువుల పైభాగం మొత్తం అంత ఎక్కువ, దాన్ని తడపడానికి నెయ్యి కూడా అంత ఎక్కువ కావాలి. ఇంటి కొలతలో 10 కిలోల గుండ్లకు 4.55 కిలోల నెయ్యి అయితే, ఈ పిండి 5 కిలోలు తాగింది. వచ్చిన ఉండలు 21.85 కిలోలు, కిలో సరుకు ఖర్చు ₹245. మరుసటి వారం ఇంకో 10 కిలోలు వేయించి, మరవాణ్ణి రాళ్లు వదులు చేసి సన్న రవ్వలా పట్టమన్నాము. ఈసారి నెయ్యి 4.6 కిలోలే పట్టింది, 21.45 కిలోలు వచ్చాయి, కిలో ఖర్చు ₹238. ఆర్డరు మొత్తం మీద ఇది దాదాపు ₹900 తేడా. పంటి కింద రవ్వ తగలడమే బాగుందని పెద్దావిడ తీర్పు చెప్పారు కాబట్టి డబ్బు కోసం రుచి వదులుకోవలసిన అవసరం కూడా రాలేదు. వంటకాన్ని ఎన్ని రెట్లు పెంచినా నిష్పత్తి మారదని షీటు అనుకుంటుంది. యంత్రం మారిన చోట నిష్పత్తి మారుతుంది, దాన్ని ఏ సూత్రమూ పట్టివ్వదు.

ఉండ బరువు కూడా అప్పుడే చూశాము. చేతి అంచనాతో కట్టిన 20 ఉండలు తూస్తే 39 నుంచి 46 గ్రాముల దాకా ఉన్నాయి, సగటు 43.1. ఆ సగటుతో 2,880 కడితే 3 కిలోలకు పైగా ఊరికే పోతాయి, అయినా కొన్ని పెట్టెలు 500 గ్రాములకు తక్కువ పడవచ్చు. చిన్న కాటా మీద ముద్ద తూచి కడితే సగటు 42.3కు వచ్చింది. తూచడం వల్ల పని నెమ్మదిస్తుంది, గంటకు ఒకరు 130 కట్టేది 100కు తగ్గుతుంది. ఆ సమయం కూలిలోకి రావాలి. ఈ అదనపు బరువుకూ, విరిగినవాటికీ, రుచి చూసినవాటికీ కలిపి 1.5 శాతం పెట్టాను. కొత్త షీటులో B1 పెట్టెల సంఖ్య, B2 పెట్టెకు ఉండలు, B3 ఉండ గ్రాములు. పరీక్ష విడతలో కిలో గుండ్లకు వచ్చిన 2.145 కిలోల ఉండలే దిగుబడి.

```
B5 (చేయవలసిన కిలోలు):  =B1*B2*B3*1.015/1000
B6 (గుండ్లు, కిలోలు):     =B5/2.145
B7 (వేయింపు విడతలు):   =ROUNDUP(B6/5,0)
```

B5లో 122.8, B6లో 57.25 దగ్గర వచ్చాయి. బెల్లం 45.8 కిలోలు, నెయ్యి 26.3. యశవంతపురం మార్కెట్లో గుండ్లు 30 కిలోల బస్తాల్లో తీసుకుంటారు కాబట్టి రెండు బస్తాలు కొనాలి, నెయ్యి 15 కిలోల డబ్బాలు రెండు కొనాలి. మిగిలిన గుండ్లూ నెయ్యీ ఈ ఆర్డరు ఖాతాలో వేయకూడదు. అవి రేపటి ఇడ్లీ పిండికో మరుసటి విడతకో పనికొచ్చే సరుకు. కొన్నది ఒక వరుసలో, వాడినది ఇంకో వరుసలో రాయమని చెప్పాను.

ఇక కూలి, పెట్టెలు. పాత షీటు విడతకు 3 గంటలని పెట్టి దాన్నీ 26.18తో గుణించి 78 గంటల పైన, గంటకు ₹100 చొప్పున ₹7,854 చూపింది. పని ఒక్కొక్కటీ ఒక్కో లెక్కన పెరుగుతుంది. వేయించడం కడాయి ఎన్నిసార్లు ఎక్కుతుందన్న దాని మీద పెరుగుతుంది. 57 కిలోలకు 11.45 విడతలు ఉండవు, 12 ఉంటాయి, 40 నిమిషాల చొప్పున 8 గంటలు. ఉండలు కట్టడం ఉండల సంఖ్య మీద, 29 గంటలు. పెట్టెల్లో సర్దడం పెట్టెల సంఖ్య మీద, 8 గంటలు. బెల్లానికి 6, కలపడానికి 5. మొత్తం 56 గంటలు, ₹5,600. పెట్టెల వరుసలో దీనికి ఎదురు తప్పు దొరికింది. పాతది విడతకు 9 పెట్టెలు, ఒక్కోటి ₹18 అని పెట్టి 26.18తో గుణించి ₹4,241 చూపింది. కానీ ఈ ఆర్డరుకు అచ్చు వేసిన పెట్టె ₹32, అచ్చువాళ్లు 250కి తక్కువ వేయరు. ₹8,000. గిరణి కూలి పాత షీటులో లేనే లేదు, వేయించాక మిగిలే గుండ్ల బరువు మీద కిలోకు ₹12 చొప్పున ₹640 చేర్చాను.

గ్యాసు, రవాణా రెంటిలోనూ ఒకటే కనుక వాటిని పక్కనపెట్టి చూస్తే పాత షీటు మొత్తం ₹42,171, కొత్తది ₹43,460. పెట్టెకు ₹175.70కి బదులు ₹181.10. తేడా 3 శాతమే. ఒక్క వరుస కూడా సరిగ్గా లేని షీటులో మొత్తం మాత్రం 3 శాతంలోపు కుదిరింది. ఆయన, అంటే ఆవిడ భర్త, ఇది చూసి నవ్వారు. "అయితే ధర పెద్దగా మారదు, మీ తిప్పలన్నీ దేనికి సార్" అన్నారు. 19 పెట్టెల కోసం అన్నాను.

పని జరిగిన రోజున 57.25 కిలోల గుండ్లతో 123.2 కిలోల ఉండల పిండి వచ్చింది, అంచనా 122.8. నేను వదిలేసిన గిరణి వెసులుబాటు ఇక్కడ కనిపించిందనుకుంటాను. 240 పెట్టెలు నిండి 32 ఉండలు మిగిలాయి. తప్పింది కూలి దగ్గర. 56 గంటలు అనుకున్నది 63 అయింది. పరీక్ష విడతల్లో 20 కిలోల పిండి కలిపి వేడి మీదే ఉండలు కట్టేశారు. ఆర్డరు రోజున ఒకేసారి 40 కిలోలు కలిపారు, నలుగురు కట్టేలోపు అడుగు పిండి చల్లారి నెయ్యి పేరుకుంది. దాన్ని మళ్లీ వెచ్చబెట్టి కలపడానికి, బిగిసిన పిండిని నలపడానికి ఆ 7 గంటలు పోయాయి. అసలు ఖర్చు పెట్టెకు ₹184 అయింది. ఇప్పుడు షీటులో కలపడానికి వేరే వరుస ఉంది. ఒక్కసారి కలిపే పిండి 20 కిలోలు మించకూడదని పక్కన రాసి ఉంది, ఆ గడి కూడా ROUNDUPతోనే కట్టి ఉంది. దసరాకు 400 పెట్టెలు అడుగుతున్నారని ఆవిడ మొన్న చెప్పారు. బెల్లం ఈసారి మండ్య నుంచి కొత్త సరుకు వస్తుందట. దాని తేమ తెలియదు కనుక, మళ్లీ 10 కిలోల పరీక్ష విడత అయ్యాకే 2.145 అన్న అంకెను ఆ షీటులోకి రానివ్వమన్నాను.